ఒక్క ఉంగరపువేలు కదిలితే చాలు

కొత్తగా గిటార్ పట్టినవాళ్ల కోసం చేసే వీడియో పాఠాల కింద నాలుగైదు పంక్తులు రాసి ఉంటాయి. తీగలు ఏ శ్రుతిలో పెట్టుకోవాలి, కాపో ఎక్కడ బిగించాలి, ఏ కార్డులు కావాలి, స్ట్రమ్మింగ్ ఎలా, వేగం ఎంత అన్నవే అందులో ఉంటాయి. చాలామంది వాటి జోలికి పోకుండా నేరుగా వీడియో పెట్టుకుని, గురువుగారి వేళ్లు చూస్తూ వాయించబోతారు. రెండో కార్డు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. పాట ముందుకెళ్లిపోతుంది, వేళ్లు మాత్రం తీగల మీద చోటు వెతుక్కుంటూ ఉంటాయి. తప్పు వేళ్లది కాదు, ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు ఎలా వెళ్లాలో ఎవరూ విడమరిచి చెప్పకపోవడమే. అందుకే ఇక్కడ రెండే రెండు కార్డులు తీసుకుందాం, ఏ మైనర్, సి మేజర్. పాఠం కింద అవి ఇలా కనిపిస్తాయి:

```
Am  x02210
C   x32010
```

ఈ ఆరు గుర్తులూ ఆరు తీగలు. ఎడమవైపు మొదటిది లావుపాటి ఆరో తీగ, కుడివైపు చివరిది సన్నటి ఒకటో తీగ. అంకె ఉంటే ఆ ఫ్రెట్‌లో నొక్కాలి. సున్నా అంటే వేలు పెట్టకుండా తీగను మోగనివ్వాలి. ఎక్స్ ఉంటే ఆ తీగను మీటకూడదు. ఇక్కడ కొత్తవాళ్లు తికమక పడే సంగతి ఒకటుంది. గిటార్ ఒళ్లో పెట్టుకున్నప్పుడు లావు తీగ మన ముఖం వైపు, పైన ఉంటుంది. సన్న తీగ నేల వైపు, కింద ఉంటుంది. స్వరం చూస్తే ఇందుకు తలకిందులు. కింద ఉన్న సన్న తీగదే పై స్థాయి స్వరం. అందుకని "పై తీగ", "కింది తీగ" అనడం మానేసి, మొదటి రోజు నుంచే అంకెలతో పిలవడం అలవాటు చేసుకోవాలి. ఇంకో చిక్కు వీడియోతోనే వస్తుంది. ఎదురుగా కూర్చున్న గురువు గిటార్ మెడ మనకు కుడివైపు కనిపిస్తుంది, మన గిటార్ మెడేమో ఎడమవైపు ఉంటుంది. తెర మీద కనిపించే చేతిని చూసి అనుకరించబోతే బుర్ర తిరుగుతుంది. అంకెలు చదివి వేళ్లు పెట్టుకుని, ఆ తర్వాత తెర చూసి సరిచూసుకోవడం తేలిక.

ముందు ఏ మైనర్ పడదాం. చూపుడువేలు రెండో తీగ మీద ఒకటో ఫ్రెట్‌లో. మధ్యవేలు నాలుగో తీగ మీద రెండో ఫ్రెట్‌లో. ఉంగరపువేలు మూడో తీగ మీద, అదే రెండో ఫ్రెట్‌లో. చిటికెనవేలికి పని లేదు. ఫ్రెట్ అంటే మెడ మీద అడ్డంగా ఉన్న లోహపు కడ్డీ. "రెండో ఫ్రెట్‌లో" అంటే ఆ కడ్డీ మీద కాదు, దానికి వెనక, తీగలు బిగించే మరల వైపున, వీలైనంత దగ్గరగా. కడ్డీకి దూరంగా నొక్కితే తీగ దాన్ని గట్టిగా ఆనుకోదు, జుయ్యిమని గీర వినిపిస్తుంది. అది విన్న కొత్తవాళ్లు ఇంకా బలంగా నొక్కుతారు. బలం అక్కర్లేదు, వేలు అరంగుళం ముందుకు జరిపితే చాలాసార్లు ఆ గీర అక్కడికక్కడే పోతుంది.

ఎంత బలం కావాలో తెలుసుకునే పద్ధతి ఉంది. వేలిని తీగ మీద ఊరికే ఆనించి, కుడిచేత్తో ఆ తీగను మీటుతూ, నెమ్మదిగా నొక్కుడు పెంచుతూ పొండి. మొదట టక్‌మని మూగ శబ్దం, తర్వాత గీర, ఆపైన ఒక క్షణంలో శుభ్రమైన స్వరం వస్తాయి. ఆ క్షణం దగ్గర ఆగిపోవాలి. అంతకుమించి నొక్కితే లాభం లేదు సరికదా, స్వరం కాస్త పైకి జరుగుతుంది. వేలు తీగను పక్కకు లాగినా అంతే. వీణ మీద మెట్టు దగ్గర తీగను పక్కకు లాగితే గమకం పలుకుతుంది, అక్కడ అదే అందం. గిటార్ కార్డులో ఒక్క తీగ అలా జరిగినా మిగతా తీగలతో పేచీ వస్తుంది. తీగలన్నీ విడివిడిగా శ్రుతిలో ఉన్నాయని యాప్ చూపిస్తున్నా కార్డు పట్టగానే అపస్వరంగా తోస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది ఈ అదనపు నొక్కుడునే.

కార్డు పట్టాక ఒక్కసారిగా మీటేయకూడదు. అయిదో తీగ నుంచి ఒకటో తీగ దాకా ఒక్కొక్కటే మీటుతూ వినాలి. ఏ మైనర్‌లో ఎక్కువగా మూగపోయేది ఒకటో తీగ. రెండో తీగ మీద ఉన్న చూపుడువేలు పడుకున్నట్టు వాలితే దాని మెత్తటి భాగం ఒకటో తీగకు తగులుతుంది. వేలి చివరి కణుపు మడిచి, గోరుకు దగ్గరగా ఉండే కొసతో నొక్కితే మధ్యలో సందు ఏర్పడుతుంది. ఎడమచేతి గోళ్లు పొడుగుంటే ఇది సాధ్యం కాదు, కత్తిరించుకోవాల్సిందే. బొటనవేలు మెడ పైఅంచు దాటి బయటికి వచ్చిందేమో కూడా చూసుకోండి. దాన్ని మెడ వెనుక మధ్య భాగానికి దించితే మణికట్టు కాస్త ముందుకొస్తుంది, వేళ్లు వాటంతట అవే నిలబడతాయి. ఈ ఒక్క సర్దుబాటుతో ఒకటో తీగ మోగడం మొదలైతే ఆ తేడా వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే కార్డుకు మెరుపునిచ్చేది ఆ తీగే.

ఇప్పుడు సి. చాలామంది ఏ మైనర్ పట్టిన చేతిని పూర్తిగా ఎత్తేసి, మూడు వేళ్లూ గాలిలో తిప్పి, మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటూ సి పడతారు. పైన రాసిన రెండు పంక్తులను ఒకదాని కింద ఒకటి పెట్టి మళ్లీ చూడండి. నాలుగో తీగ దగ్గర రెండింటిలోనూ 2. రెండో తీగ దగ్గర రెండింటిలోనూ 1. ఒకటో తీగ రెండింటిలోనూ ఖాళీ. మారేవి రెండే. మూడో తీగలో 2 పోయి సున్నా వచ్చింది, అయిదో తీగలో సున్నా పోయి 3 వచ్చింది. అంటే చూపుడువేలు, మధ్యవేలు ఉన్నచోటే ఉంటాయి. ఉంగరపువేలు ఒక్కటే మూడో తీగను వదిలి, మధ్యవేలి మీదుగా దాటి, అయిదో తీగ మూడో ఫ్రెట్‌కు వెళ్లాలి.

ఇది కాకతాళీయం కాదు. ఏ మైనర్‌లో ఉండే స్వరాలు ఏ, సి, ఈ. సి మేజర్‌లో ఉండేవి సి, ఈ, జీ. రెండు స్వరాలు ఉమ్మడి. ఆ ఉమ్మడి స్వరాల్లో ఈ నాలుగో తీగ మీద, సి రెండో తీగ మీద ఉన్నాయి కాబట్టే ఆ వేళ్లు కదలనక్కర్లేదు. ఒకటో తీగ ఖాళీగా మోగేది కూడా ఈ స్వరమే. పొరపాటున ఆరో తీగ మోగినా కొంపమునిగిపోదని చెప్పగలిగేది కూడా ఇందుకే. ఆ తీగ స్వరం ఈ, అది రెండు కార్డుల్లోనూ ఉన్నదే. కింది స్థాయిలో కాస్త బరువుగా, మందంగా వినిపిస్తుంది, అందుకే ఎక్స్ పెట్టి వద్దంటారు. సి పట్టినప్పుడు ఉంగరపువేలి కొసను ఆరో తీగకు తగిలీ తగలనట్టు ఉంచితే ఆ తీగ దానంతటదే మూగబోతుంది.

రెండు వేళ్లు నిజంగా కదలడం లేదా అన్నది కంటితో చూసి తేల్చడం కష్టం. చెవికి మంచి పరీక్ష ఉంది. ఏ మైనర్ పట్టుకుని నాలుగో తీగ, రెండో తీగ, ఒకటో తీగ మాత్రం మీటండి. అవి మోగుతూ ఉండగానే ఉంగరపువేలిని సి చోటికి జరపండి. మూడు తీగల మోతా తెగకుండా సాగిందంటే వేళ్లు నిలబడ్డాయి. మధ్యలో టక్‌మని ఆగిందంటే చూపుడువేలో మధ్యవేలో లేచింది. నాలుగో తీగ ఆగితే మధ్యవేలు, రెండో తీగ ఆగితే చూపుడువేలు, ఒకటో తీగ ఆగితే చూపుడువేలు వాలిపోయి దానికి తగిలింది. మెల్లగా, తాళం పట్టింపు లేకుండా, మోత తెగనంతవరకూ ఇదొక్కటే చేయాలి. నా అభిప్రాయంలో కొత్తవాళ్లు మొదటి వారంలో చేయగల సాధనల్లో దీన్ని మించింది లేదు, ఎందుకంటే తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేకుండా తీగే చెబుతుంది.

సి దగ్గర వచ్చే ఇబ్బంది వేరు. ఉంగరపువేలు మూడో ఫ్రెట్ దాకా సాగేసరికి మధ్యవేలిని కూడా తనతో లాక్కుంటుంది. ఆ వేలు వాలి, ఖాళీగా మోగాల్సిన మూడో తీగను మూసేస్తుంది. ఒక్కొక్క తీగ మీటి చూసినప్పుడు మూడో తీగ పలకకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. మోచేతిని ఒంటికి కాస్త దగ్గరగా తెచ్చి చూడండి. చెయ్యి కొద్దిగా తిరిగి, వేళ్ల మధ్య ఎడం పెరుగుతుంది. వేళ్లు సాగడం లేదని బాధపడేవాళ్లు చాలామంది మోచెయ్యి పక్కకు చాచి కూర్చుంటారు. వేళ్ల పొడవు గురించి దిగులు పడేముందు ఇది సరిచేసుకోవాలి.

వేళ్లు దారి నేర్చుకున్నాక కుడిచేతి సంగతి. ఇక్కడ నియమం ఒక్కటే, ఎడమచేతి కోసం కుడిచెయ్యి ఆగకూడదు. మెట్రొనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, ఒక్కో దెబ్బకు ఒక్కసారి కిందికి మీటుతూ, నాలుగు ఏ మైనర్, నాలుగు సి వాయించండి. మార్పు నాలుగో దెబ్బకూ మళ్లీ వచ్చే ఒకటో దెబ్బకూ మధ్య జరగాలి. ఉంగరపువేలు సమయానికి చేరకపోయినా సరే, ఒకటో దెబ్బ పడాల్సిందే. వేలు కింద పడ్డాక మీటుదాం అని ఆగితే చేతికి ఆగడమే అలవాటవుతుంది, ఆ తర్వాత దాన్ని వదిలించుకోవడం కార్డు నేర్చుకోవడం కంటే కష్టం.

వేలు గాలిలో ఉండగా మీటితే వికారంగా వినిపించదా అని అడుగుతారు. ఈ జంట కార్డుల దగ్గర ఆ భయం అసలే వద్దు. ఉంగరపువేలు మూడో తీగను వదిలి ఇంకా అయిదో తీగను చేరని ఆ క్షణంలో మోగేది ఏమిటో చూడండి:

```
x02010
```

ఇది ఏ మైనర్ సెవెన్ అనే కార్డు. పుస్తకాల్లో దీనికి సొంత పేరూ చోటూ ఉన్నాయి. అంటే దారి మధ్యలో చిక్కుకున్నా మనం ఉన్నది మంచి కార్డు మీదే. పాఠాల్లో ఎక్కువగా కనిపించే స్ట్రమ్మింగ్ వరసను, అంటే కింద, కింద పైకి, పైకి, కింద పైకి అనే వరసను, ఇక్కడ వాడుకోవచ్చు. ఒకటో దెబ్బకు కిందికి, రెండో దెబ్బకు కిందికి, వెంటనే పైకి, మూడో దెబ్బకు తీగలు తగలకుండా చెయ్యి మాత్రమే కిందికి దిగి, ఆ వెనకే పైకి, నాలుగో దెబ్బకు కిందికి, చివరగా పైకి. ఈ చివరి పై దెబ్బ దగ్గరే ఉంగరపువేలిని ఎత్తేయండి. ఆ దెబ్బ ఏ మైనర్ సెవెన్‌లో పడుతుంది, తర్వాతి ఒకటో దెబ్బకు సి సిద్ధంగా ఉంటుంది. వినేవాళ్లకు అది తడబాటులా కాదు, పాట ఊపిరి తీసుకున్నట్టు తోస్తుంది. అనుభవమున్న వాద్యకారులు తెలిసి చేసే పనే ఇది.

వేగం ఎప్పుడు పెంచాలి? ఆస్ట్రేలియాలో పుట్టిన జస్టిన్ శాండర్‌కో ప్రచారంలోకి తెచ్చిన నిమిషం సాధన దీనికి మంచి కొలత. గడియారం పెట్టుకుని, నిమిషంలో ఎన్నిసార్లు కార్డు మార్చగలిగారో లెక్కపెట్టుకోవడమే. లెక్క ఎందుకు పనికొస్తుందో ఇలా చూడండి. పాట వేగం నిమిషానికి 80 దెబ్బలు, నాలుగు దెబ్బలకోసారి కార్డు మారుతుంది అనుకుంటే, నిమిషానికి కావాల్సినవి 20 మార్పులు. 120 దెబ్బల హుషారు పాటకైనా 30 చాలు. అయితే 30 దగ్గర ఆగితే పాటలో ప్రతి మార్పుకూ ప్రాణం మీదికొస్తుంది. 60 దాకా తెచ్చుకుంటే మార్పు గురించి ఆలోచించకుండా పాట వినే తీరిక దొరుకుతుంది. గీర వచ్చినవి, మూగపోయినవి లెక్కలోకి రావు. వీడియోతో కలిసి వాయించాలనిపిస్తే యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించుకోండి. శ్రుతి మారదు, కాలం మాత్రమే సాగుతుంది.

ఒక్కసారి గంటసేపు కూర్చోవడం కంటే పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు మేలు. స్టీలు తీగల మీద వేలికొసలు మొదటి రెండు మూడు వారాలు మంట పెడతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది. మణికట్టులో నొప్పి వస్తే మాత్రం అది వేరే విషయం, ఆ పూటకు ఆపేయాలి. ఎంత సరిగ్గా పట్టినా ఒకటో ఫ్రెట్ దగ్గరే వేళ్లు నరకం చూస్తున్నాయంటే గిటార్‌నూ చూడాలి. 12వ ఫ్రెట్ దగ్గర కడ్డీకీ తీగకూ మధ్య స్కేలు పెట్టి కొలవండి. రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే హాయిగా ఉంటుంది. నాలుగు దాటిందంటే ఎవరికైనా కష్టమే, గిటార్లు బాగుచేసేవాళ్ల దగ్గర తీగల ఎత్తు తగ్గించుకోవాలి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో తేమకు చెక్క ఉబ్బి ఈ ఎత్తు పెరుగుతుంది, తీగలు కూడా త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టడం అక్కడ తప్పనిసరి.

అన్ని జంటలూ ఏ మైనర్, సి లాంటివి కావు. కానీ ఏ జంట ముందున్నా అడగాల్సింది ఒకటే, ఏ వేలు ఉండిపోతుంది, ఏ వేళ్లు కలిసి కదులుతాయి అని. ఉదాహరణకు జీ నుంచి సి. జీని చాలా పాఠాల్లో ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద మధ్యవేలు, అయిదో తీగ రెండో ఫ్రెట్ మీద చూపుడువేలు పెట్టి నేర్పుతారు. అలా పడితే సికి వెళ్లేటప్పుడు ప్రతి వేలూ తన దారిన తాను పోవాలి. అదే జీని ఆరో తీగ మీద ఉంగరపువేలు, అయిదో తీగ మీద మధ్యవేలు, ఒకటో తీగ మూడో ఫ్రెట్ మీద చిటికెనవేలుతో పట్టి చూడండి. సికి వెళ్లాలంటే ఉంగరపువేలు, మధ్యవేలు రెండూ కలిసి ఒక్క తీగ కిందికి జరిగితే చాలు, చూపుడువేలు వచ్చి రెండో తీగ మీద కూర్చుంటుంది. చిటికెనవేలు మొదట్లో మొరాయిస్తుంది. అయినా ఆ శ్రమ పడమనే నా సలహా.

ఇక పాఠం కింద రాసి ఉండే కాపో మాట. కాపో అంటే మెడ మీద ఏదో ఒక ఫ్రెట్ దగ్గర ఆరు తీగలనూ కలిపి నొక్కిపెట్టే క్లిప్పు. ఒక్కో ఫ్రెట్‌కు శ్రుతి అరస్వరం పెరుగుతుంది, మన వేళ్ల ఆకారాలు మాత్రం మారవు. హార్మోనియం శ్రుతులు తెలిసిన తెలుగు గాయకులకు దీన్ని చెప్పడం చాలా తేలిక. సి అంటే ఒకటి, డి రెండు, ఈ మూడు, ఎఫ్ నాలుగు, జీ అయిదు, ఏ ఆరు, బి ఏడు. మధ్యలోవి ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర. మూడుకూ నాలుగుకూ మధ్య, ఏడుకూ ఒకటికీ మధ్య ఒక్క ఫ్రెట్టే దూరం.

మన రెండు కార్డులతోనే వెళ్లే పాట ఒకటి ఉందనుకోండి, అది ఏ మైనర్ మీద వచ్చి ఆగుతుంది. ఆగే చోటే ఆధారం కాబట్టి ఆ పాట ఆరు శ్రుతిలో ఉన్నట్టు. పాడేవాడు మాత్రం ఒకటి శ్రుతిలో పాడతానన్నాడు. ఆరు నుంచి ఆరున్నర, ఏడు, ఒకటి, మొత్తం మూడు అడుగులు. కాపో మూడో ఫ్రెట్‌లో బిగించి, ఏమీ మార్చకుండా అవే ఏ మైనర్, సి ఆకారాలు వాయిస్తే సరిపోతుంది. అదే పాట సి మీద వచ్చి ఆగితే ఆధారం ఒకటి, అప్పుడు కాపో అసలు అక్కర్లేదు. కాబట్టి అంకె వెయ్యకముందు పాట ఎక్కడ స్థిమితపడుతోందో వినాలి. బిగించేటప్పుడు క్లిప్పును కడ్డీకి దగ్గరగా, వెనక పెట్టాలి, తీగలు పక్కకు జరగకుండా తిన్నగా దించాలి. బిగించాక ఆరు తీగలనూ ఒక్కొక్కటి మీటి, యాప్‌లో ఇంకోసారి శ్రుతి చూసుకోవాలి. కాపో వల్ల కొన్ని తీగలు కొంచెం పైకి జరుగుతాయి, ముఖ్యంగా మూడో తీగ.